గట్టు మీద జరిగింది డెవలపర్ బల్ల మీద జరగాలి: బీటా రిపోర్ట్ రాసే పద్ధతి

ప్రశ్న: మాది భీమవరం దగ్గర ఊరండి. మూడు రొయ్యల చెరువులు చేస్తున్నాం. చెరువు లెక్కలు రాసుకునే కొత్త యాప్ ఒకటి బీటాలో ఉంది, రెండు వారాలు వాడి రిపోర్ట్ ఇవ్వమని లింక్ పంపారు. ఒక్కో ఫీచర్‌కి అయిదుకి ఇన్ని అని మార్కులు కూడా వేయమన్నారు. "బాగుంది, కాస్త స్లోగా ఉంది" అని రాస్తే సరిపోతుందా? ఎలా రాస్తే వాళ్లు నిజంగా సరిచేస్తారు?

జవాబు:

సరిపోదండి. "కాస్త స్లోగా ఉంది" అన్న మాట చదివే డెవలపర్ ఎక్కడో ఆఫీసులో, మంచి వైఫై కింద, కొత్త ఫోన్ పట్టుకుని ఉంటారు. మీ మాట చదివి తమ ఫోన్‌లో యాప్ తెరుస్తారు. టక్కున తెరుచుకుంటుంది. "మా దగ్గర బాగానే ఉంది" అనుకుని తరవాతి రిపోర్ట్‌కి వెళ్లిపోతారు. దాన్ని నిర్లక్ష్యం అనడానికి లేదు. మీకు జరిగింది వాళ్ల దగ్గర జరగలేదు, అంతే. అందుకే మీ గట్టు మీద జరిగింది వాళ్ల బల్ల మీద మళ్లీ జరిగేలా రాయాలి. అలా జరిగితే సగం పని అయిపోయినట్టే, ఎందుకంటే కళ్లముందు కనబడే తప్పుని ఏ డెవలపరూ వదిలిపెట్టరు.

నేను హైదరాబాద్‌లో పదకొండేళ్లు టెస్టింగ్ చేసి, ఇప్పుడు పాలకొల్లులో ఇంటి నుంచే అదే పని చేస్తున్నాను. మా మామగారికీ చెరువులున్నాయి. పోయినేడు ఇలాంటి యాప్ ఒకటి ఆయన చెరువుల మీద బీటా వాడి రిపోర్ట్ ఇచ్చాను. అందులో రెండు సంగతులు మీకు వివరంగా చెబుతాను. మీకు వచ్చే ఇబ్బందుల్లో చాలావరకు ఈ రెండు రకాల్లో ఏదో ఒకదాని కిందికి వస్తాయి.

ముందు చిన్న సన్నాహం. యాప్ మొదటిసారి తెరవకముందే ఫోన్ సెట్టింగ్స్‌లో About phone లోకి వెళ్లి మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్ రాసుకోండి. యాప్ ఐకాన్ మీద వేలు కాసేపు నొక్కి పట్టుకుని App info తెరిస్తే, చాలా ఫోన్లలో అడుగున యాప్ వెర్షన్ కనిపిస్తుంది. బీటాలో యాప్ వారానికి రెండుసార్లు కూడా మారుతుంది. సోమవారం చూసిన తప్పు గురువారం వెర్షన్‌లో ఉండకపోవచ్చు. అందుకని ప్రతి ఇబ్బంది పక్కనా ఆ రోజు వెర్షన్ వేయాలి. ఇక రాసుకోవడానికి కొత్త పుస్తకం అక్కర్లేదు. షెడ్డులో మేత లెక్క రాసే పుస్తకం ఉంటుంది కదా, అందులో కుడివైపు పేజీ యాప్‌కి వదిలేయండి. ఏదైనా జరిగిన నిమిషంలోనే, గట్టు మీదే, ఒక్క వాక్యం రాయండి. రెండు వారాల తరవాత గుర్తు తెచ్చుకుని రాస్తే "ఎప్పుడో ఒకసారి ఏదో పోయింది" అన్నంతవరకే మిగులుతుంది.

మొదటి సంగతి. పొద్దున్న 6 గంటలకి రెండో చెరువు దగ్గర మేత వేసి, 12 కిలోలు అని కొట్టి Save నొక్కాను. అక్కడ సిగ్నల్ ఒక్క గీతే ఉంటుంది. గుండ్రంగా తిరిగే గుర్తు వచ్చి అలాగే తిరుగుతోంది. పడలేదేమో అనుకుని మళ్లీ నొక్కాను. సాయంత్రం ఇంట్లో వైఫై తగిలాక చూస్తే ఆ పూట మేత రెండు ఎంట్రీలు, మొత్తం 24 కిలోలు. మామగారికి వెంటనే కోపం వచ్చింది. ఎందుకు రాదు, మేత లెక్క తప్పితే ఎఫ్‌సీఆర్ తప్పుతుంది. వేసిన మేతని పట్టుబడి బరువుతో భాగిస్తే వచ్చే ఆ ఒక్క అంకె మీదే కదా పంట మిగిలిందో పోయిందో చూసుకునేది.

ఇక్కడ ఆగి "యాప్ డబుల్ ఎంట్రీ వేస్తోంది, సరిచేయండి" అని పంపి ఉంటే ఏమీ జరిగేది కాదు. వాళ్ల దగ్గర ఎంతసేపు చేసినా ఒక్క ఎంట్రీయే పడుతుంది. అందుకని ఆ సాయంత్రం అరగంట కూర్చుని తప్పుని కావాలని తెప్పించాను. ముందు వైఫైలో Save రెండుసార్లు వెంటవెంటనే నొక్కాను. మొదటి నొక్కుకే స్క్రీన్ మూసుకుపోయింది, రెండో నొక్కుకి చోటే లేదు, ఒక్క ఎంట్రీయే పడింది. తరవాత ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి ఒక్కసారి నొక్కి, వైఫై కలిపి చూశాను. ఒక్క ఎంట్రీ, సరిగ్గానే వచ్చింది. అంటే సిగ్నల్ లేకుండా దాచుకోవడం యాప్‌కి వచ్చు. చివరికి ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో రెండుసార్లు నొక్కాను. రెండు ఎంట్రీలు పడ్డాయి. మూడు పద్ధతుల్లోనూ అయిదేసిసార్లు చేశాను, ప్రతిసారీ అదే ఫలితం.

ఈ అరగంటే రిపోర్ట్‌కి ప్రాణం. మామూలు వాడకందారుకి "అప్పుడప్పుడూ వస్తుంది" అనిపించేది, విడదీసి చూస్తే "ఇలా చేస్తే ప్రతిసారీ వస్తుంది" అని తేలుతుంది. గట్టు మీద బలహీనమైన సిగ్నల్‌ని డెవలపర్ తన గదిలో సృష్టించుకోవడం కష్టం, కానీ ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టడం ఎవరికైనా వచ్చు. అలా నా ఇబ్బందిని వాళ్ల చేతిలో ఉన్న మీట దగ్గరికి తీసుకెళ్లాను. పంపింది ఇదీ:

"సిగ్నల్ లేనప్పుడు మేత స్క్రీన్‌లో Save రెండుసార్లు నొక్కితే రెండు ఎంట్రీలు పడుతున్నాయి. యాప్ వెర్షన్ 0.9.4, ఆండ్రాయిడ్ 12, 3 జీబీ ర్యామ్ ఫోన్. చేసిన తీరు: ఎయిర్‌ప్లేన్ మోడ్ ఆన్ చేశాను. రెండో చెరువు తెరిచి, మేతలో 12 కొట్టి, Save నొక్కాను. తిరిగే గుర్తు వచ్చింది, బటన్ ఇంకా నొక్కేలాగే ఉంది. 5 సెకన్ల తరవాత మళ్లీ నొక్కాను. ఎయిర్‌ప్లేన్ మోడ్ తీసి వైఫై కలిపాను. కావలసింది: 12 కిలోల ఎంట్రీ ఒకటి. వచ్చింది: 12 కిలోల ఎంట్రీలు రెండు. 5 సార్లలో 5 సార్లు. సిగ్నల్ లేకుండా ఒక్కసారే నొక్కితే 5 సార్లలో 5 సార్లూ సరిగ్గా ఒక్కటే పడింది. వైఫైలో రెండుసార్లు నొక్కినా ఒక్కటే. నష్టం: రోజు మేత మొత్తం, ఎఫ్‌సీఆర్ రెండూ తప్పుతున్నాయి. వీడియో జతచేశాను."

"బటన్ ఇంకా నొక్కేలాగే ఉంది" అన్నది నేను చూసినది, అందుకే రాశాను. "మీ సర్వర్‌లో తప్పుంది" అని మాత్రం రాయలేదు, ఎందుకంటే సర్వర్ నాకు కనబడదు. ఊహ ఉంటే రాయొచ్చు, కానీ చివర్లో వేరే వాక్యంగా, "నా ఊహ" అని పేరు పెట్టి రాయండి. చూసినదీ ఊహించినదీ ఒకే వాక్యంలో కలిపేస్తే డెవలపర్ మీ ఊహ వెంటపడి రెండు రోజులు పోగొట్టుకోవచ్చు.

వీడియో అన్నాను కదా. ఆండ్రాయిడ్ 11 నుంచి ఫోన్‌లోనే స్క్రీన్ రికార్డర్ ఉంటుంది, పైనుంచి కిందికి లాగితే వచ్చే మీటల్లో దొరుకుతుంది. About phone లో Build number మీద ఏడుసార్లు నొక్కితే చాలా ఫోన్లలో సెట్టింగ్స్‌లో డెవలపర్ ఆప్షన్స్ కనిపిస్తాయి, అందులో Show taps ఆన్ చేస్తే వేలు ఎక్కడ తగిలిందో కూడా వీడియోలో చుక్కలా పడుతుంది. ఈ డబుల్ ఎంట్రీ లాంటి వాటికి ఆ చుక్క చాలా పనిచేస్తుంది. "స్లో" అనే మాటకి కూడా ఇదే మందు. వీడియోలో నొక్కిన క్షణం, స్క్రీన్ వచ్చిన క్షణం చూసి "చెరువుల జాబితా తెరుచుకోవడానికి 4జీలో 9 సెకన్లు, ఇంట్లో వైఫైలో 2 సెకన్లు" అని రాస్తే అది ఇక అభిప్రాయం కాదు, కొలత. ఒక్క జాగ్రత్త: పంపేముందు వీడియోలో ఫోన్ నంబర్లు, మేత కొట్టు బాకీలు, వాట్సాప్ మెసేజ్‌లు కనబడకుండా చూసుకోండి.

ఇక రెండో సంగతి. నా లెక్కలో ఇదే పెద్దది. ఇందులో యాప్ ఆగిపోలేదు, ఎర్ర అక్షరాలు రాలేదు, ఏ తప్పూ కనబడలేదు.

శాంపిల్ స్క్రీన్‌లో ABW అని ఒక గడి ఉంది. రొయ్య సగటు బరువు గ్రాముల్లో వేయాలని దాని భావం. చెరువు దగ్గర ఉండే కుర్రాడికి ఫోన్ ఇచ్చి, "ఇవాళ విసురువల వేసి చూసింది ఇందులో ఎక్కించు బాబూ" అని చెప్పి పక్కన కూర్చున్నాను. అతను ఆ గడి దగ్గర ఆగాడు. నావైపు చూశాడు. నేనేమీ చెప్పలేదు. కొంచెంసేపు చూసి 60 అని కొట్టాడు. యాప్ తీసుకుంది.

మన దగ్గర రొయ్యని గ్రాముల్లో ఎవరు చెప్పుకుంటారండి? "అరవై కౌంట్ వచ్చింది" అంటాం, అంటే కిలోకి 60 తూగుతున్నాయని. 60 కౌంట్ అంటే ఒక్కోటి సుమారు 16.7 గ్రాములు. అతను కౌంట్ వేశాడు, యాప్ దాన్ని 60 గ్రాములుగా చదివింది. చెరువులో లక్షన్నర రొయ్యలున్నాయని ముందే ఎక్కించి ఉంది కాబట్టి 2,500 కిలోలు ఉండాల్సిన చోట 9,000 కిలోలు చూపించింది. ఆ బరువు మీద 3 శాతం చొప్పున రోజు మేత సూచించింది: 75 కిలోలు రావలసింది, 270 కిలోలు వచ్చింది. అనుభవం ఉన్నవాళ్లు చూసి ఇదేంటని నవ్వి వదిలేస్తారు. కానీ యాప్ చెప్పింది కదా అని అందులో సగం అదనంగా వేసినా, తినని మేత అడుగున కుళ్లి, తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయి, రొయ్యలు పైకి తేలే పరిస్థితి వస్తుంది.

ఇలాంటి దాన్ని బగ్ అనలేం. రాసిన ప్రోగ్రాం చెప్పినట్టే పనిచేసింది. వాడే మనిషి మాటకీ యాప్ మాటకీ మధ్య ఉన్న రాపిడి ఇది, ఫ్రిక్షన్ అంటారు. దీన్ని మీరు ఒక్కరే వాడుతూ పట్టుకోలేరు, ఎందుకంటే రెండోసారికే మీకు అలవాటైపోతుంది. అందుకని యాప్ చూడని మనిషికి ఫోన్ ఇచ్చి, పని మాత్రం చెప్పి, నోరు మూసుకుని కూర్చోవాలి. మధ్యలో సాయం చేయాలని నాలుక దురద పెడుతుంది. చేయొద్దు. మీరు చెప్పిన మరుక్షణం డెవలపర్‌కి దొరకాల్సిన సమాచారం పోతుంది. అతను ఎక్కడ ఆగాడు, ఎన్ని సెకన్లు ఆగాడు, ఏ తప్పు మీట నొక్కాడు, ఏమన్నాడు అనేవి రాసుకోండి. ఆ కుర్రాడు తరవాత "కౌంటే కదండీ అడిగింది?" అన్నాడు. ఆ మాటని అలాగే రిపోర్ట్‌లో పెట్టాను. నేను రాసిన మొత్తం పేజీలో డెవలపర్లకి బాగా తగిలింది ఆ ఒక్క వాక్యమే అని తరవాత ఫోన్‌లో చెప్పారు.

ఇలాంటివి రాసేటప్పుడు ఎదురయ్యే చిక్కు, పరిష్కారం మనమే చెప్పేయాలనిపించడం. "గ్రాములు తీసేసి కౌంట్ పెట్టండి" అని రాస్తే, గ్రాముల్లో రాసుకునే టెక్నీషియన్లకి, ల్యాబ్ వాళ్లకి అది ఇబ్బంది అవుతుంది. నేను రాసింది ఇంతే: "ఇక్కడ రైతులూ పనివాళ్లూ కౌంట్‌లోనే చెబుతారు. గడి మీద ఏ కొలతో రాసి లేదు. 60 గ్రాములు అని వేసినా యాప్ ఆపలేదు, అడగలేదు. ముగ్గురికి ఇచ్చి చూస్తే ఇద్దరు కౌంట్ వేశారు." రెండు వెర్షన్ల తరవాత వాళ్లు గడి పక్కనే కౌంట్, గ్రాములు అని ఎంచుకునే మీట పెట్టారు. మరీ పెద్ద అంకె వేస్తే "సరిచూసుకోండి" అని అడగడం మొదలుపెట్టారు. నాకు తట్టినదానికంటే అదే మేలు.

ఇక మార్కుల మాట. అయిదుకి మార్కులు అడిగితే చాలామంది అన్నిటికీ మూడో నాలుగో వేసేస్తారు. దానివల్ల ఏమీ తేలదు. పైగా ఒక్క ఫీచర్‌కి ఒక్క మార్కు అంటే రెండు వేరువేరు విషయాలు కలిసిపోతాయి: అది నాకు ఎంత అవసరం, వాడటం ఎంత తేలిక. శాంపిల్ స్క్రీన్ అవసరంలో 5, తేలికలో 1. రెండూ కలిపి 3 వేస్తే "పర్వాలేదు" అని చదువుకుంటారు. నిజానికి అది అన్నిటికంటే ముందు బాగుచేయాల్సిన స్క్రీన్. వాళ్ల ఫారంలో ఒక్కటే గడి ఉన్నా సరే, పక్కన వ్యాఖ్యలో రెండు అంకెలూ విడిగా రాయండి.

తేలికకి మార్కు వేసేటప్పుడు ఏ అంకెకి ఏం అర్థమో రిపోర్ట్ మొదట్లోనే చెప్పాలి. నేను పెట్టుకున్నది ఇది: కొత్త మనిషి మొదటిసారే ఎవరినీ అడగకుండా చేస్తే 5. ఒకసారి ఆగి ఆలోచించి చేస్తే 4. ఒక తప్పు మీట నొక్కి తనే సర్దుకుంటే 3. ఎవరో ఒకరు చెబితేగానీ కాకపోతే 2. చేయలేకపోయినా, తప్పుగా చేసి తెలుసుకోలేకపోయినా 1. ఇలా రాసిపెడితే మీ 2కీ ఇంకో రైతు 2కీ ఒకటే అర్థం ఉంటుంది.

ఇబ్బంది తీవ్రతకి మాత్రం ఈ అంకెలు వాడొద్దు. యూజబిలిటీ రంగంలో పేరున్న జాకబ్ నీల్సన్ చెప్పిన 0 నుంచి 4 వరకు కొలత ఒకటి ఉంది. 0 అంటే అసలు ఇబ్బందే కాదు, 1 పైపై అందం, 2 చిన్నది, 3 పెద్దది, 4 అంటే విడుదలకి ముందే తీరాల్సింది. అంకె వేసేముందు ఆయన చూడమన్నది మూడు: ఎంత తరచుగా వస్తుంది, వస్తే ఎంత దెబ్బ, ఒకసారి తెలిశాక తప్పించుకోగలమా లేక ప్రతిసారీ తగులుతుందా. నేను డబుల్ ఎంట్రీకి 3 వేశాను. తరచుగా వస్తుంది, కానీ ఒకసారి తెలిస్తే రెండోసారి నొక్కకుండా ఉండొచ్చు, అదనపు ఎంట్రీ తీసేయొచ్చు. కౌంట్ గడికి 4 వేశాను. వారానికి ఒకసారే వాడతాం, కానీ తప్పు జరిగినట్టు తెలియదు, ఆ అంకె చూసి చెరువులో మేత పడుతుంది. మా మామగారి కోపం మాత్రం డబుల్ ఎంట్రీ మీదే ఎక్కువ, ఎందుకంటే అది రోజూ కంటపడేది. కోపాన్ని బట్టి అంకె వేస్తే ఈ రెండూ తారుమారయ్యేవి. చెరువుకి ఏం నష్టమో చూసి వేయండి.

మీరు వాడని ఫీచర్‌కి మార్కు వేయకండి. వనామీ పంట మూడు నుంచి నాలుగు నెలలు, మీ బీటా రెండు వారాలు. ఆ రెండు వారాల్లో పట్టుబడి రాకపోతే పట్టుబడి స్క్రీన్‌కి "వాడలేదు" అని రాయాలి. మొహమాటంతో 3 వేస్తే, దాన్ని ఎవరో పరీక్షించారని వాళ్లు నమ్ముతారు. దొంగ అంకెలు కొట్టి ఆ స్క్రీన్ చూడాలనుకుంటే చూడండి, కానీ "ఉత్తుత్తి అంకెలతో చూశాను" అని చెప్పండి.

మిగతావి త్వరగా చెబుతాను. మధ్యాహ్నం ఎండలో గట్టు మీద యాప్ తెరిచి, బూడిదరంగు అక్షరాలు కనబడుతున్నాయో లేదో చూడండి. ఆఫీసులో కూర్చున్నవాళ్లకి ఇది ఎప్పటికీ తెలియదు. తడి చేత్తో అంకెలు కొట్టి చూడండి. రాత్రి 12 దాటాక రాసిన ఎంట్రీ ఏ తేదీ కింద పడుతోందో చూడండి.

రిపోర్ట్ వరస కూడా ముఖ్యమే. తీవ్రత ఎక్కువ ఉన్న మూడు ఇబ్బందులు పైన పెట్టండి, ఒక్కోదానికి విడి పేరా, ఒక పేరాలో ఒకే ఇబ్బంది. రెండు కలిపి రాస్తే ఒకటి సరిచేసి మొత్తం అయిపోయిందని మూసేస్తారు. "ఏరేటర్ కరెంట్ ఖర్చు కూడా లెక్కేస్తే బాగుండు" లాంటి కోరికలు తప్పులతో కలపకుండా చివర్లో విడిగా రాయండి. బాగున్నదాన్ని కూడా పేరు పెట్టి చెప్పండి. "నిన్నటి మేత అంకె ముందే నింపి ఉండటంవల్ల రోజుకి నాలుగు పూటల్లో మూడుసార్లు కొట్టే పని తప్పింది" అని నేను రాశాను. లేకపోతే తరవాతి వెర్షన్‌లో స్క్రీన్ మార్చేటప్పుడు దాన్ని తీసేసినా తీసేస్తారు. ప్లే స్టోర్‌లో బీటా టెస్టర్‌గా రాసే అభిప్రాయం బయటివాళ్లకి కనబడదు, డెవలపర్‌కి మాత్రమే వెళుతుంది. కాబట్టి వాళ్లని నలుగురిలో చిన్నబుచ్చుతున్నామేమో అన్న టెన్షన్ పడకుండా ఉన్నది ఉన్నట్టు రాయండి.

"సరిచేశాం" అని కొత్త వెర్షన్ పంపినప్పుడు మీరు ముందు రాసిన మెట్లనే, అదే వరసలో మళ్లీ చేయండి. నేను 0.9.6 వచ్చాక ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో Save రెండుసార్లు నొక్కాను. మొదటి నొక్కుకే బటన్ మసకబారింది, "ఫోన్‌లో దాచాం, సిగ్నల్ వచ్చాక పంపుతాం" అని తెలుగులో వచ్చింది. అయిదుసార్లు చేశాను, అయిదుసార్లూ ఒక్క ఎంట్రీయే. పాత రిపోర్ట్ కిందే "0.9.6లో సరిపోయింది, 5కి 5" అని రాసి పంపాను. మామగారు ఆ సాయంత్రం నుంచి మేత యాప్‌లోనే రాస్తున్నారు, కాగితం పుస్తకం మాత్రం ఇంకా షెడ్డులోనే ఉంది.